చిన్నపిల్లాడి గొంతుతో కవిత రాశాను. ఒకరు పిల్లాడికి ఇంత తెలివి ఉండదంటున్నారు, ఇంకొకరు అసలు విషయమే అర్థం కాలేదంటున్నారు

నీలిసిరా
ఆరేడేళ్ళ పిల్లాడు మాట్లాడుతున్నట్టు ఒక కవిత రాశాను. తండ్రి ఉద్యోగం పోయింది. ఆ సంగతి పిల్లాడికి తెలియదు, చదివేవాళ్ళకి తెలియాలి. ఇద్దరు స్నేహితులకి చూపించాను. ఒకరేమో ఇది పిల్లాడి గొంతు కాదు, నీ గొంతే అన్నారు. ఇంకొకరు తండ్రికి ఇంకో ఆవిడతో సంబంధం ఉందనుకున్నారు! పిల్లాడిని ఇంకా అమాయకుడిని చేస్తే ఆ రెండో స్నేహితురాలికి మరీ అర్థం కాదు. ఆధారాలు పెంచితే పిల్లాడు పెద్దవాడైపోతాడు. రెండు వారాలుగా ఇదే టెన్షన్. కవిత ఇది:

నాన్నకి సెలవులు

నాన్న ఇప్పుడు రోజూ పార్కుకి వెళ్తాడు.
పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేసుకుంటాడు,
ఆశలు మడతపెట్టి బ్యాగులో సర్దుకుంటాడు.
మొన్న స్కూలు వాళ్ళు మమ్మల్ని పార్కుకి తీసుకెళ్తే
బెంచీ మీద కనిపించాడు,
మౌనాన్ని కప్పుకుని.
అమ్మకి చెప్పకు, ఇది మన రహస్యం అన్నాడు.
నాన్న కళ్ళలో ఏదో సముద్రం.
నాకు తెలియదు,
ఇంటి బరువు మోసేవాడికి
సెలవంటే ఎంత భయమో.

మూడోబెంచి
నేనూ మీ రెండో స్నేహితురాలి లాగే అనుకున్నాను. ఇస్త్రీ చొక్కా, పార్కు, అమ్మకి చెప్పకు. ఈ మూడూ కలిస్తే ఇంకేం అనుకుంటాం? చివరి రెండు పంక్తులు చదివాక వెనక్కి వెళ్ళి మళ్ళీ చదవాల్సి వచ్చింది.

పలకబలపం
ముందు మీ మొదటి స్నేహితుడి మాట చూద్దాం, ఎందుకంటే అది సరిచేయడం తేలిక. ఈ పదకొండు పంక్తుల్లో పిల్లాడు కళ్ళతో చూసినవి, చెవులతో విన్నవి ఎన్నో గుర్తు పెట్టండి. పార్కు, ఇస్త్రీ, స్కూలు, బెంచీ, రహస్యం. అయిదే. మిగతావన్నీ మీరు చూసినవి. "ఆశలు మడతపెట్టి", "మౌనాన్ని కప్పుకుని", "ఏదో సముద్రం" ఇవి కవిత్వం చదివి పెరిగిన మనిషి మాటలు. ఆరేళ్ళవాడు మౌనాన్ని చూడడు. నాన్న మాట్లాడటం లేదని చూస్తాడు, లేదా నాన్న నన్ను చూసి లేవలేదని చూస్తాడు.

వీటన్నిటికన్నా పెద్ద తప్పు "నాకు తెలియదు". ఇంటి బరువు మోసేవాడి భయం గురించి తెలియనివాడికి అలాంటి భయం ఒకటుందని కూడా తెలియదు. దాని పేరు చెప్పి, అది తనకి తెలియదనడం కుదరదు. అక్కడ పిల్లాడి నోరు మూసి మీరే మాట్లాడేశారు. చివరి మూడు పంక్తులూ తీసేయండి, అవి లేకుండా కవిత నిలబడుతుందో లేదో చూడండి.

ప్రాసప్రియ
పిల్లల కవితకి ప్రాస, లయ తప్పనిసరి. ఇది పాడుకోవడానికి వీలుగా లేదు. పైగా ఉద్యోగం పోవడం లాంటి బరువైన విషయాలు పిల్లలకెందుకు? ఒక జంతువునో పక్షినో పెట్టి తిరగరాయండి, హాయిగా ఉంటుంది.

మూడోబెంచి
@ప్రాసప్రియ ఇది పిల్లల కోసం రాసింది కాదండీ. పెద్దవాళ్ళ కోసం, పిల్లాడు చెబుతున్నట్టు రాసింది.

ప్రాసప్రియ
ఓ, సరే. అయినా లయ ఉంటే తప్పేం లేదు కదా.

పలకబలపం
తప్పు లేకపోవడమే కాదు, కొన్నిసార్లు లయే అసలు ఆయుధం అవుతుంది. ఎగురుతూ పాడే పాటలో ఘోరమైన విషయం వస్తే దెబ్బ గట్టిగా తగులుతుంది. కాబట్టి మీ మాట పూర్తిగా పక్కన పెట్టక్కర్లేదు.

గోడగడియారం
భాష ఇంకా చిన్నది కావాలి. పిల్లలు "రహస్యం" అనరు, "లహస్యం" అంటారు. "ఇస్త్రీ" కాదు, "ఇత్తిరి". అలా రాస్తే పిల్లాడని వెంటనే తెలిసిపోతుంది. ఇంగ్లీషు కవి విలియం బ్లేక్ కూడా "ది చిమ్నీ స్వీపర్" కవితలో అలాగే చేశాడు. పొగగొట్టాలు తుడిచే కుర్రాడు "స్వీప్" అని అరవలేక "వీప్" అంటాడు. ముద్దు మాటల్లో విషాదం, అదే కిటుకు.

పలకబలపం
@గోడగడియారం బ్లేక్ ఉదాహరణ సరైనదే, మీరు దాని నుంచి తీసుకున్నదే తేడా. అక్కడ నోరు తిరగకపోవడం ముద్దు కోసం పెట్టింది కాదు. "స్వీప్" అంటే తుడవడం, "వీప్" అంటే ఏడవడం. కుర్రాడు వీధుల్లో పని కోసం కేక వేస్తున్నాననుకుంటున్నాడు, మనకేమో ఏడుపు వినిపిస్తోంది. తప్పు పలికిన మాట ఇంకో నిజమైన మాట అయింది కాబట్టే అది పనిచేసింది. అది కూడా ఆ ఒక్కచోటే. "లహస్యం" అంటే ఇంకో అర్థం రాదు, వింటే నవ్వు వస్తుంది, అంతే. కవితంతా అలా నత్తిగా రాస్తే పాఠకుడు పిల్లాడిని పైనుంచి కిందికి చూస్తాడు, పిల్లాడితో పాటు నిలబడడు.

అదే కవితలో నాకు ఇంకా గొప్పగా అనిపించేది గుండు గీసే చోటు. టామ్ అనే చిన్న కుర్రాడి ఉంగరాల జుట్టు గొరిగేస్తుంటే ఏడుస్తాడు. చెబుతున్న కుర్రాడు వాణ్ణి ఊరడిస్తాడు: ఏడవకు, తల బోడిగా ఉంటే మసి నీ తెల్లజుట్టును పాడుచేయలేదు కదా అని. చూడండి, వాడు చూసినదంతా నిజం. జుట్టు పోయింది, మసి అంటదు. లెక్క కూడా వాడి వరకు సరిగ్గానే ఉంది. కానీ ఆ లెక్కకి మన గుండె ఆగిపోతుంది. కవి మధ్యలో దూరి "అయ్యో పాపం" అనడు. కళ్ళు సరైనవి, లెక్క తప్పు. ఇలాంటి కవితకి నేను పెట్టుకున్న పరీక్ష ఇదొక్కటే.

గోడగడియారం
నత్తి విషయం ఒప్పుకుంటున్నాను. కానీ ఆ కవిత చివర్లో "అందరూ తమ విధి చేస్తే కీడుకి భయపడక్కర్లేదు" అని నీతి ఉంటుంది కదా. అది కవి మాటే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

పలకబలపం
చాలామంది అలాగే చదువుతారు. నేనైతే దాన్ని కుర్రాడి మాటగానే చదువుతాను. ఎవరో పెద్దవాళ్ళు నేర్పిన మాటని వాడు నమ్మి అప్పజెబుతున్నాడు. కవిత 1789లో వచ్చింది. అదే పేరుతో 1794లో బ్లేక్ ఇంకోటి రాశాడు. అందులో కుర్రాడికి అన్నీ తెలుసు. నేను ఆడుతూ పాడుతూ ఉన్నాను కాబట్టి నాకే హానీ చేయలేదని మా వాళ్ళు అనుకుంటున్నారు అని నిలదీస్తాడు. రెండోదానిలో పాఠకుడికి కుర్రాడికన్నా ఎక్కువ తెలియదు. రెండూ పక్కపక్కన పెట్టి చదివితే, తెలియనివాడు చెప్పడానికీ తెలిసినవాడు చెప్పడానికీ ఎంత తేడా ఉందో తెలుస్తుంది.

నీలిసిరా
పలకబలపం గారు చెప్పినట్టు కోసేశాను.

నాన్న రోజూ పార్కుకి వెళ్తాడు.
పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేసుకుంటాడు.
మొన్న స్కూలు వాళ్ళు మమ్మల్ని పార్కుకి తీసుకెళ్తే
బెంచీ మీద కనిపించాడు.
అమ్మకి చెప్పకు, ఇది మన రహస్యం అన్నాడు.
నేను చెప్పలేదు.

నా గొంతు పోయింది, నిజమే. కానీ ఏదో చప్పగా ఉంది.

మూడోబెంచి
ఇప్పుడు నాకు వంద శాతం ఇంకో ఆవిడే కనిపిస్తోంది.

ఎర్రగాలిపటం
గట్టిగా నవ్వేశాను. కానీ మూడోబెంచి గారు చెప్పిందే నిజం. ఈ పార్కులో ఎవరున్నారో పిల్లాడు చెప్పడం లేదు కాబట్టి మనమే ఎవరినో ఒకరిని కూర్చోబెట్టేస్తున్నాం.

పలకబలపం
చప్పగా ఉండడానికి కారణం ఉంది. ఇందులో పిల్లాడు లేడు, కెమెరా ఉంది. చూసింది చెప్పి ఊరుకుంటోంది. పిల్లలు ఊరుకోరు. ప్రతిదానికీ వాళ్ళదైన కారణం ఒకటి కట్టేస్తారు, దాన్ని గట్టిగా నమ్ముతారు. నాన్న పార్కులో ఎందుకున్నాడని మీ పిల్లాడు అనుకుంటున్నాడు? కవితలో దానికి జవాబు లేదు. ఆ తప్పు జవాబు దొరికితే మిగతాదంతా దాని చుట్టూ పేరుకుంటుంది.

శ్రీలత_క
నేను రాయను, చదువుతాను అంతే. కానీ ఇది మా ఇంట్లో జరిగింది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా నాన్న ఉద్యోగం పోయింది, మాకెవరికీ చెప్పలేదు. నేను చూసింది ఆయన మొహం కాదు. మొహం ఎప్పటిలాగే ఉండేది, బహుశా మా ముందు అలా పెట్టుకునేవారేమో. నేను చూసింది బూట్లు. రోజూ సాయంత్రం నాన్న బూట్లు తుడవడం నా పని. అప్పటిదాకా పైపైన తుడిస్తే సరిపోయేది. ఆ నెల నుంచీ మడమ దాకా దుమ్ము, కుట్ల మధ్యలో కూడా. నాకు కోపం వచ్చేది, పని పెరిగిందని. నాన్న కావాలనే మట్టిలో నడుస్తున్నారని అమ్మకి ఫిర్యాదు కూడా చేశాను. అమ్మ ఏమీ అనకుండా గుడ్డ నా చేతిలోంచి తీసుకుని తనే తుడిచింది. ఆ రోజు అమ్మకి అర్థమైందని నాకు పెళ్ళయ్యాక తెలిసింది.

ఎర్రగాలిపటం
చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

పలకబలపం
@శ్రీలత_క రాయనంటూనే మాకందరికీ పాఠం చెప్పారు. బూట్లు మీ కంట్లో పడ్డది నాన్న మీద జాలితో కాదు, మీ పని పెరిగిందనే కోపంతో. పిల్లలు దేన్నైనా గమనించడానికి వాళ్ళ సొంత అవసరం ఒకటి ఉంటుంది. కవి అవసరం కోసం గమనిస్తే అది వెంటనే పట్టుబడిపోతుంది. నీలిసిరా గారూ, మీ పిల్లాడికి చొక్కా ఇస్త్రీతో ఏం పని? ఏమీ లేదు. అందుకే ఆ పంక్తి ఆధారంలా కనిపిస్తోంది.

నీలిసిరా
శ్రీలత గారూ, మీరు ఒప్పుకుంటే బూట్లు వాడుకుంటాను.

శ్రీలత_క
తప్పకుండా. ఆయన లేరిప్పుడు. ఉంటే సంతోషించేవారు.

నీలిసిరా
ఇంకో ఆలోచన కూడా వచ్చింది. "నాన్న రోజూ పార్కుకి వెళ్ళేవాడు" అని మొదలుపెడితే? పెద్దయ్యాక గుర్తు చేసుకుంటున్నట్టు. అప్పుడు కాస్త పెద్ద మాటలు వాడినా చెల్లుతుంది కదా.

కామా_లేదు
చెల్లుతుంది, కానీ అది వేరే కవిత అయిపోతుంది. తెలుగులో "వెళ్తాడు"కి "వెళ్ళేవాడు"కి మధ్య ఇరవయ్యేళ్ళు గడిచిపోతాయి. "వెళ్ళేవాడు" అన్న క్షణంలోనే చెప్పేది పెద్దవాడని, ఇప్పుడు అంతా తెలుసని పాఠకుడికి అర్థమైపోతుంది. ఇక ఎప్పుడు "తర్వాత తెలిసింది" అంటాడా అని ఎదురుచూస్తాం. శ్రీలత గారు చెప్పింది అలాంటిదే, అది అలా చెప్పడమే బాగుంది. కానీ మీకు కావాల్సింది పాఠకుడికి తెలిసి, చెప్పేవాడికి తెలియకపోవడం. దానికి "తాడు"లోనే ఉండండి.

ఇంకో మాట. మన భాషలో ఈ పనికి పుట్టినట్టున్న చిన్న ప్రత్యయం ఒకటుంది, "అట". "నాన్నకి సెలవులు" అంటే పిల్లాడు స్వయంగా చెబుతున్నాడు. "నాన్నకి సెలవులట" అంటే ఎవరో చెప్పారు, వాడు నమ్మాడు. ఎవరు చెప్పారు, ఎందుకు చెప్పారు అన్న అనుమానం మాత్రం మనకి వస్తుంది. ఒక్క మాటతో ఇద్దరు మనుషులు కనిపిస్తారు. మీ మొదటి పంక్తిలో అది పెట్టి చూడండి.

ఎర్రగాలిపటం
"అట" మరీ ఎక్కువ వాడితే పిల్లాడు నమ్మడం లేదేమో, ఎకసెక్కెం చేస్తున్నాడేమో అనిపించదూ? పెద్దవాళ్ళు "గొప్ప పండితుడట" అన్నప్పుడు అలాగే కదా వినిపిస్తుంది.

కామా_లేదు
నిజమే, ఆ ప్రమాదం ఉంది. పక్కన పిల్లాడి ఉత్సాహం కనిపిస్తే ఎకసెక్కెం అనిపించదు. ఒక్క చోట కూడా విరుపు రాకూడదు.

గోడగడియారం
ఇంకో ఉదాహరణ. వర్డ్స్‌వర్త్ రాసిన "వి ఆర్ సెవెన్". ఎనిమిదేళ్ళ పాప గొంతుతో రాశాడు. ఇద్దరు చనిపోయినా మేం ఏడుగురం అంటుంది. చావంటే తెలియని పాప, తెలిసిన పాఠకుడు.

పలకబలపం
అది పాప గొంతు కాదు, అక్కడ చెప్పేవాడు పెద్దవాడు. పాప మాటలు సంభాషణలో వస్తాయి. 1798 నాటి కవిత అది. పాపని అతను మళ్ళీ మళ్ళీ లెక్క అడుగుతాడు, ఇద్దరు సమాధిలో ఉంటే అయిదుగురే కదా అంటాడు. పాప చనిపోయిన తన తోబుట్టువుల సమాధులు ఇంటికి పన్నెండు అంగల్లో ఉన్నాయని, అక్కడే కూర్చుని కుట్టుకుంటానని, వాళ్ళకి పాట పాడతానని చెబుతుంది. చదివాక ఎవరికి ఎక్కువ తెలుసో చెప్పడం కష్టం. నాకైతే అమాయకుడు ఆ పెద్దమనిషే అనిపిస్తాడు.

గోడగడియారం
దీనికి మాత్రం ఒప్పుకోను. పాపకి చావు తెలియదు, అందుకే ఆ లెక్క. ఆమెకి ఏదో గొప్ప జ్ఞానం ఉందనడం మనం పెద్దయ్యాక అంటగట్టింది.

శ్రీలత_క
తెలిసి కూడా ఏడుగురం అనచ్చు కదా. మా ఇంట్లో ఇప్పటికీ అందరినీ కలిపే లెక్కపెడతాం.

నీలిసిరా
రాత్రంతా కూర్చున్నాను. పిల్లాడు దీన్ని దాగుడుమూతలు అనుకుంటాడు. అది దొరికాక మిగతాది దానంతటదే వచ్చింది.

నాన్నకి సెలవులు

నాన్నకి సెలవులట.
అమ్మకి చెప్పకూడదట, చెబితే ఆట అయిపోతుందట.
అందుకే పొద్దున్నే ఆఫీసు చొక్కా వేసుకుని
ఆఫీసు బ్యాగు పట్టుకుని
ఆఫీసుకి వెళ్ళినట్టే వెళ్తాడు.
మొన్న స్కూలు వాళ్ళు పార్కుకి తీసుకెళ్తే
అందరికన్నా ముందు నేనే కనిపెట్టేశాను.
కాబట్టి నేను గెలిచాను.
బ్యాగులో ఏముందో చూపించాడు.
నాన్నకీ మార్కుల కార్డులున్నాయి, ఫైలు నిండా.
అన్నీ పాసే.
రోజూ ఎవరో ఒకరికి చూపించాలట.
బూట్లకి మాత్రం నా బూట్లకన్నా ఎక్కువ మట్టి.
చాలా దూరం వెళ్ళి దాక్కుంటున్నాడన్నమాట.
ఈసారి కనిపించినా చూడనట్టే ఉంటాను.
ఒక్కసారైనా నాన్న గెలవాలి కదా.

మూడోబెంచి
ఇంకో ఆవిడ వెళ్ళిపోయింది. మార్కుల కార్డుల దగ్గర తెలిసిపోయింది నాకు. "అన్నీ పాసే" దగ్గర గొంతులో ఏదో అడ్డం పడింది.

కామా_లేదు
ఆ ఫైలు పంక్తి ఎంత పని చేస్తోందో చూడండి. పిల్లాడికి అవి మార్కుల కార్డులు, ఎందుకంటే వాడికి తెలిసిన అలాంటి కాగితాలు అవే. మనకి ఉద్యోగం వెతుక్కునేవాడి సర్టిఫికెట్లు. "ఉద్యోగం" అన్న మాట కవితలో ఎక్కడా లేదు, అయినా అనుమానం మిగల్లేదు. "ఆఫీసు" మూడుసార్లు రావడం కూడా బాగుంది, వాడు వేషం వివరాలు లెక్కపెడుతున్నట్టుంది.

పలకబలపం
చాలా దూరం వచ్చారు. బూట్లు ఇప్పుడు వాడి ఆటకి ఆధారం, మనకి నాన్న తిరిగిన తిరుగుడు. ఒక్క అభ్యంతరం, చివరి పంక్తి. "ఒక్కసారైనా నాన్న గెలవాలి కదా" అన్నప్పుడు మీరు మళ్ళీ తలుపు సందులోంచి తొంగిచూస్తున్నారు. ఆ "ఒక్కసారైనా"లో నాన్న అన్నిచోట్లా ఓడిపోతున్నాడని పిల్లాడికి తెలిసిన వాసన ఉంది. నేనైతే "చూడనట్టే ఉంటాను" దగ్గర ఆపేస్తాను.

శ్రీలత_క
నేను ఒప్పుకోను. పిల్లలు ఆటలో రోజూ అలాగే అంటారు. చిన్న తమ్ముడు వరసగా ఓడిపోతుంటే పెద్దది కావాలనే దొరికిపోతుంది. వాడికి నాన్న ఓడిపోతున్నాడని తెలియాలా ఏంటి, నాన్న మొహం చూస్తే చాలు.

పలకబలపం
అంటే వాడికి కొంత తెలుసంటున్నారు మీరు.

శ్రీలత_క
నాకూ కొంత తెలుసండీ అప్పుడు. ఏం తెలుసో తెలియదు, అంతే.

గోడగడియారం
"ఒక్కసారైనా" తీసేసి "నాన్న కూడా గెలవాలి కదా" అంటే? వంతుల వారీగా ఆడుకోవడంలా ఉంటుంది, పెద్ద అర్థం పాఠకుడికి వదిలేసినట్టూ ఉంటుంది.

పలకబలపం
ఇది నయం. "కూడా"లో న్యాయం ఉంది, జాలి లేదు. పిల్లలకి న్యాయం బాగా పట్టింపు.

ప్రాసప్రియ
లయ లేదన్నాను కానీ "అట, అట, అట" అని మొదట్లో మూడుసార్లు వచ్చి, తర్వాత "చూపించాలట" అని మళ్ళీ రావడం వినసొంపుగా ఉంది. బయటికి చదివి చూశాను.

ఎర్రగాలిపటం
"రోజూ ఎవరో ఒకరికి చూపించాలట" దగ్గర ఒక సందేహం. తండ్రి ఇంత చెప్పేస్తాడా పిల్లాడికి? ఆట అని దాచేవాడు ఇది మాత్రం ఎందుకు చెప్పాడు?

నీలిసిరా
పిల్లాడు అడిగి ఉంటాడు, ఇవన్నీ ఎందుకు మోస్తున్నావని. ఆ ఒక్క ప్రశ్నకి నాన్న దగ్గర అబద్ధం సిద్ధంగా లేదు. అలా అనుకుని రాశాను. "కూడా"కి మార్చి బయటికి చదివాను, తర్వాత "ఒక్కసారైనా"తో చదివాను. ఇంకా తేల్చుకోలేదు. ప్రస్తుతానికి శ్రీలత గారి పక్షాన ఉన్నాను.